మూడు వేల డాలర్లు స్టేబుల్‌కాయిన్‌లో ఇంటికి పంపాను, ఖర్చుల లెక్క ఇదీ. ఏమైనా వదిలేశానా?

డాలస్_శీను

అందరికీ నమస్తే. నేను ఇర్వింగ్‌లో ఉంటాను, సొంతూరు తెనాలి పక్కన. ఇంటికి డబ్బు ఎప్పుడూ మామూలు రెమిటెన్స్ యాప్‌లోనే పంపేవాణ్ణి. మా టీమ్‌లో ఒకడున్నాడు, లంచ్‌కి కూర్చుంటే చాలు అదే పాట, "స్టేబుల్‌కాయిన్‌లో, అంటే విలువ డాలర్‌కి సమానంగా ఉండే క్రిప్టోలో పంపితే అర డాలర్ కూడా కాదు, మీరంతా ఊరికే కమీషన్లు కడుతున్నారు" అని. సరే, వాడి మాటలో ఎంత నిజముందో చూద్దామని పోయిన నెల మూడు వేల డాలర్లు ఆ దారిలోనే పంపి, ప్రతి మెట్టు దగ్గరా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

ఇక్కడి క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లోకి ఏసీహెచ్ అనే బ్యాంకు బదిలీలో డబ్బు వేశాను, దానికి ఖర్చు లేదు. మూడు వేల డాలర్లకు యూఎస్‌డీసీ అనే స్టేబుల్‌కాయిన్ మూడు వేలు వచ్చింది, దానికీ ఖర్చు లేదు. కానీ వెంటనే బయటికి తీయనివ్వరు, ఏసీహెచ్ సొమ్ము పూర్తిగా క్లియర్ అయ్యేదాకా కొన్ని రోజులు ఆగమంటారు. "క్షణాల్లో వెళ్తుంది" అన్న మాట అక్కడే తేలిపోయింది.

ఇండియాలో నాన్నగారి పేరున తీసిన ఎక్స్ఛేంజ్ ఖాతాలో రూపాయలకు బాగా అమ్ముడుపోయేది యూఎస్‌డీటీ అనే ఇంకో స్టేబుల్‌కాయిన్. అందుకని ఇక్కడే యూఎస్‌డీసీని యూఎస్‌డీటీగా మార్చాను. స్క్రీన్ మీద ఫీజు సున్నా అనే ఉంది, చేతికి వచ్చింది మాత్రం 2,991. అంటే 9 డాలర్లు రేటులోనే కోసేశారు. తర్వాత ఇథీరియం నెట్‌వర్క్ మీద పంపాను. ముందు పరీక్షగా 20 డాలర్లు, అది చేరాక మిగతాది. ఆ ఎక్స్ఛేంజ్ పంపిన ప్రతిసారీ 4 డాలర్లు తీసుకుంటుంది, పంపేది 20 అయినా రెండు వేలైనా అదే 4. అలా నాన్న ఖాతాకి చేరింది 2,983.

అక్కడ మా చెల్లి పక్కన కూర్చుని అమ్మించింది. ఆ రోజు గూగుల్‌లో డాలర్ 88 రూపాయలు. యూఎస్‌డీటీ 89.50కి అమ్ముడుపోయింది. మొత్తం 2,66,978 రూపాయలు. అందులో ఎక్స్ఛేంజ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి 630, టీడీఎస్ ఒక శాతం 2,670. బ్యాంకులో పడింది 2,63,678.

అదే రోజు నా మామూలు యాప్ ఇస్తానన్న రేటు 87.60, ఫీజు లేదు. దాని ప్రకారం 2,62,800 వచ్చేది. అంటే ఇంత తతంగం చేస్తే మిగిలింది 878 రూపాయలు. లెక్క సరిగ్గానే ఉందా? టీమ్ వాడికి చూపించాలి.

---

బ్లాక్‌చెయిన్_బుజ్జి

బ్రో, చేసిందంతా బానే ఉంది కానీ నెట్‌వర్క్ దగ్గర దెబ్బతిన్నావ్. ఈ రోజుల్లో ఇథీరియం మీద యూఎస్‌డీటీ ఎవరు పంపుతారు? ట్రాన్ మీద పంపు, లేదా సొలానా మీద యూఎస్‌డీసీ పంపు, పైసల్లో అయిపోతుంది. ఇంకోటి, ఎక్స్ఛేంజ్‌లో ఎందుకు అమ్మడం? పీటూపీలో, అంటే నేరుగా కొనేవాడికే అమ్ము. రేటు ఇంకో రూపాయి, రూపాయిన్నర ఎక్కువ వస్తుంది, టీడీఎస్ గోలే ఉండదు, నేరుగా యూపీఐలో పడిపోతాయి. మా వాళ్లంతా అలాగే చేస్తున్నారు.

---

గోడమీద_పిల్లి

878 రూపాయల కోసం ఇంట్లో నాన్నగారి చేత సెల్ఫీ వీడియో తీయించి కేవైసీ చేయించావంటే నీ ఓపికకి దండం పెట్టాలి శీనన్నా.

---

దుబాయ్_రమణ

ట్రాన్ అనగానే నా సంగతి చెప్పాలనిపించింది. నేను దేరాలో పనిచేస్తా, మాది జగిత్యాల. మా సైట్ ఇంజనీర్ ఒకాయన నా జీతంలో కొంత యూఎస్‌డీటీగా నా వాలెట్‌కి వేశాడు, ట్రాన్ మీద. డబ్బు కనబడుతుంది గానీ ఇంటికి పంపుదామంటే కదలదు. ఎందుకంటే ట్రాన్ మీద ఏది పంపాలన్నా ఫీజు ట్రాన్ సొంత కాయిన్‌లో కట్టాలట, నా దగ్గర అది ఒక్కటి కూడా లేదు. యూఎస్‌డీటీ ఎంతున్నా దాంట్లోంచి కోసుకోదు. చివరికి ఆ ఇంజనీర్‌నే బతిమాలి కొద్దిగా వేయించుకున్నా. మొదటిసారి అనుకున్నదానికి దాదాపు రెండింతలు తీసుకుంది, రెండోసారి తగ్గింది. ఎందుకో ఇప్పటికీ అర్థం కాలే. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఇక్కడ ఎక్స్ఛేంజ్ హౌస్‌కి పోతే చీటీ ఇస్తడు, పదిహేను ఇరవై దిర్హాములు తీసుకుంటడు, ఇంట్లో పైసలు పడ్డయని ఫోన్ వస్తది. నేను మళ్లీ దానికే వచ్చేసిన.

---

రాత్రి_డ్యూటీ

రమణ గారూ, అందులో మాయ ఏమీ లేదు. యూఎస్‌డీటీ పంపడానికి ట్రాన్‌లో ఎనర్జీ అనే లెక్క ఉంటుంది. అందుకునే చిరునామాలో అప్పటికే యూఎస్‌డీటీ ఉంటే సుమారు 65 వేల యూనిట్లు, అసలు ఎప్పుడూ లేకపోతే సుమారు లక్షా ముప్పై వేలు. కొత్త చిరునామాకి కొత్త పద్దు తెరవాలి కాబట్టి ఆ పని ఎక్కువ. మొదటిసారి మీ ఇంటివాళ్ల చిరునామా ఖాళీది అయ్యుంటుంది. ఆ యూనిట్ ధర కూడా స్థిరంగా ఉండదు, 2025 ఆగస్టులో ట్రాన్ ఓటింగ్ పెట్టి సగానికి పైగా తగ్గించారు. అందుకే "ట్రాన్ ఫీజు ఇంత" అని పాత వీడియోలో చెప్పిన అంకె ఇప్పుడు పనికిరాదు.

శీను గారికి ఒక మాట. ఆయన కట్టిన 4 డాలర్లు నిజానికి ఇథీరియం ఫీజు కాదు. నెట్‌వర్క్ తీసుకునేది ఆ ఘడియలో రద్దీని బట్టి మారుతూ ఉంటుంది, చాలా రోజుల్లో డాలర్ కంటే తక్కువే. ఎక్స్ఛేంజ్‌లు దాని మీద తమ మార్జిన్ వేసుకుని గుండుగుత్తగా ఒక అంకె పెడతాయి. బుజ్జి అన్నట్టు నెట్‌వర్క్ మారిస్తే తగ్గుతుంది, కాదనను. కానీ రెండు చివర్లలోని ఎక్స్ఛేంజ్‌లూ ఆ నెట్‌వర్క్‌ని ఒప్పుకోవాలి. అమెరికాలో చాలా చోట్ల ట్రాన్ ఇవ్వరు.

ఇంకోటి, పరీక్షగా 20 డాలర్లు పంపడం మంచిదే. కానీ రెండోసారి పంపేటప్పుడు చిరునామా ఎక్కడి నుంచి కాపీ చేశారు? పాత లావాదేవీల జాబితాలోంచా, నాన్నగారి ఎక్స్ఛేంజ్ పేజీలోంచా?

---

డాలస్_శీను

@రాత్రి_డ్యూటీ చెల్లి పంపిన వాట్సాప్ మెసేజ్‌లోంచి. రెండుసార్లూ అదే. ఎందుకడిగారు?

---

రాత్రి_డ్యూటీ

అయితే సరే. మోసం ఎలా జరుగుతుందంటే, మీరు సొంత వాలెట్ నుంచి చిన్న మొత్తం పంపగానే ఎవడో దాన్ని చూసి, మీరు పంపిన చిరునామాకి మొదటి నాలుగక్షరాలు, చివరి నాలుగక్షరాలు సరిపోయే ఇంకో చిరునామా తయారుచేసి, దాన్నుంచి మీ వాలెట్‌కి సున్నా యూఎస్‌డీటీ పంపినట్టు ఒక ఎంట్రీ పడేస్తాడు. వాలెట్ తెర మీద మధ్య అక్షరాలు చుక్కలుగా కనబడతాయి కదా, రెండూ ఒకేలా ఉంటాయి. పెద్ద మొత్తం పంపేటప్పుడు బద్ధకించి జాబితాలో పైన ఉన్నదాన్ని కాపీ చేశారో, పోయినట్టే. పరీక్ష పంపినవాళ్లే ఇందులో ఎక్కువ పడతారు, ఎందుకంటే రెండోసారి వస్తారని వాడికి తెలుసు. ఎక్స్ఛేంజ్ నుంచి నేరుగా పంపితే ఆ జాబితాలో ఇలాంటి చెత్త మామూలుగా కనబడదు, కానీ అలవాటు మాత్రం మంచిది కాదు.

నెట్‌వర్క్ తప్పు గురించి కూడా ఒక భ్రమ ఉంది. ట్రాన్ చిరునామా `T`తో మొదలవుతుంది, ఇథీరియంది `0x`తో. ఒకదానికి బదులు ఇంకోటి పెడితే యాప్ ఒప్పుకోదు, కాబట్టి ఆ రెండూ కలవవు. అసలు గోల ఇథీరియం, పాలిగాన్, బీఎన్‌బీ చెయిన్ లాంటివాటి మధ్య. అన్నిటికీ అదే `0x` చిరునామా. అవతలి ఎక్స్ఛేంజ్ ఇథీరియం మాత్రమే తీసుకుంటానని చెబితే మీరు చౌక అని పాలిగాన్ ఎంచుకుంటే యాప్ కిమ్మనదు, డబ్బు వెళ్తుంది, నాన్నగారి ఖాతాలో మాత్రం కనబడదు. వాళ్ల సపోర్ట్ వాళ్లు దయతలిచి వెతికి తీస్తే తీస్తారు, దానికీ ఫీజు అడుగుతారు.

---

ఆడిట్_అక్క

శీనూ, నేను హైదరాబాద్‌లో సీఏని. నీ లెక్కలో కూడికలు సరిగ్గానే ఉన్నాయి, కానీ రెండు విషయాలు అసలు కనబడలేదు.

మొదటిది, ఇంత ఖర్చయ్యాక కూడా నీకు యాప్ కంటే ఎక్కువ ఎలా వచ్చింది? డాలర్ వైపు 17 డాలర్లు పోయాయి, అంటే పదిహేను వందల రూపాయలు. ఇటు ఫీజూ టీడీఎస్ కలిపి 3,300. మొత్తం దగ్గర దగ్గర 4,800 పోగొట్టుకున్నావు. అయినా గూగుల్ రేటుకి మూడు వందల ఇరవై రూపాయల దూరంలో నిలబడ్డావు. కారణం ఒక్కటే, 88 రూపాయల డాలర్‌ని ఇక్కడ 89.50కి అమ్మావు. ఆ రూపాయిన్నర ప్రీమియమే 4,474 రూపాయలు. నీ ఖర్చులన్నీ దాదాపు ఆ ప్రీమియమే భరించింది. మీ వాడు చెప్పే "చౌక" అంతా దానిలోనే ఉంది, బ్లాక్‌చెయిన్‌లో లేదు.

ఇక్కడ మామూలు మనిషి బ్యాంకుకి వెళ్లి ఇష్టం వచ్చినన్ని డాలర్లు కొనుక్కోలేడు కాబట్టి యూఎస్‌డీటీకి గిరాకీ ఉంటుంది. బయటి నుంచి తెచ్చి అమ్మి ఆ తేడా పూడ్చేద్దామంటే అమ్మిన ప్రతిసారీ ఒక శాతం టీడీఎస్ పోతుంది, నిబంధనలూ అడ్డొస్తాయి, కాబట్టి తేడా అలాగే నిలుస్తుంది. ఒక వారం మూడు రూపాయలుంటుంది, ఒక వారం అర్ధ రూపాయి కూడా ఉండదు. నువ్వు పంపే రోజున ఎంతుందో, చేరి అమ్మే రోజున ఎంతుంటుందో నీకు తెలియదు. ఏసీహెచ్ ఆపిన ఆ కొన్ని రోజుల్లో మారిపోవచ్చు.

రెండోది పన్ను. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో అమ్మితే వచ్చిన లాభం మీద 30 శాతం, దానిపైన 4 శాతం సెస్. స్టేబుల్‌కాయిన్ అని మినహాయింపు లేదు. నాన్నగారి ఆదాయం పన్ను పరిమితి కంటే తక్కువైనా సరే ఇది కట్టాల్సిందే. లాభం లెక్కలో కొన్న ధర తప్ప ఏ ఖర్చూ తీసేయనివ్వరు. నీ 4 డాలర్లూ, ఇక్కడి 630 రూపాయలూ అందులో రావు. నువ్వు కొన్న ధరనే నాన్నగారికీ తీసుకుంటే 2,983ని 88తో గుణిస్తే 2,62,504. అమ్మింది 2,66,978. తేడా 4,474, పన్ను 1,396.

టీడీఎస్‌గా 2,670 ఇప్పటికే కోశారు కాబట్టి రిటర్న్ వేస్తే 1,274 వెనక్కి వస్తుంది. అంటే నిజానికి నువ్వు యాప్ కంటే 878 కాదు, 2,152 రూపాయలు ముందున్నావు. రిటర్న్ వేస్తేనే సుమా.

---

డాలస్_శీను

అక్కా, అయితే ఇది నేను అనుకున్నదానికంటే మేలే కదా!

---

ఆడిట్_అక్క

ఆగు, సంబరపడకు. నాన్నగారు ఏ ఫారం వేస్తారు? పెన్షన్, బ్యాంకు వడ్డీ మాత్రమే ఉంటే ఐటీఆర్-1 అయ్యుంటుంది, మీ చెల్లే ఫోన్‌లో పదినిమిషాల్లో వేసేస్తుంది. క్రిప్టో అమ్మకం ఒక్కటున్నా ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2లో క్రిప్టో అమ్మకాలు చూపే వీడీఏ షెడ్యూల్ నింపాలి. మా దగ్గరకి వస్తే రెండు మూడు వేలు తీసుకుంటాం, అదీ మర్యాదకి. ఒక్కసారి పంపినదానికైతే నీ 2,152 అక్కడికి సరి.

అలాగని వేయకుండా వదిలేయకూడదు. టీడీఎస్ కోసిన సంగతి నాన్నగారి పాన్ కింద పన్ను కోతల పత్రమైన 26ఏఎస్‌లో కనబడుతుంది. రిటర్న్‌లో లేకపోతే నోటీసు వస్తుంది. అప్పుడు కొన్న ధరకి రుజువు చూపించలేకపోతే ఆఫీసర్ దాన్ని సున్నాగా తీసుకునే ప్రమాదం ఉంది. అప్పుడు 31.2 శాతం మొత్తం మీద పడుతుంది, 83 వేల పైమాట. కాబట్టి నువ్వు తీసిన స్క్రీన్‌షాట్లు పారేయకు. అక్కడి ఎక్స్ఛేంజ్ స్టేట్‌మెంట్ పీడీఎఫ్, నాన్నగారికి కానుకగా ఇస్తున్నానని ఒక కాగితం, రెండూ ఒక ఫోల్డర్‌లో పెట్టు.

---

బ్లాక్‌చెయిన్_బుజ్జి

అందుకే కదా పీటూపీ అంటున్నాను. ఇవేవీ ఉండవు. కొన్నవాడు యూపీఐలో వేస్తాడు, మనం కాయిన్ వదిలేస్తాం. ఎవరికి తెలుస్తుంది?

---

ఓరుగల్లు_కుర్రోడు

బుజ్జన్నా, నువ్వు గిట్ల చెప్పవట్టే మా బావ ఆగమైండు.

మా బావ సింగపూర్‌ల ఉంటడు. మా అక్క ఖాతాకి గిట్లనే పీటూపీల పంపిండు, రేటు మస్తుగ వచ్చిందని మురిసిండు. ఇరవై రోజులకి అక్క కిరాణా షాపుల ఫోన్‌పే కొడితే పోతలేదు. బ్యాంకుకి పోతే మేనేజర్ ఏమన్నడంటే, మీ ఖాతా మీద వేరే రాష్ట్రం సైబర్ క్రైమ్ వాళ్లు లీన్ పెట్టిన్రు, అంటే పైసలు కదలకుండ ఆపిన్రు అని. సంగతేందంటే, కాయిన్ కొన్నోడు వేసిన పైసలు వాడియి కావు. ఎవరో ముసలాయన్ని ఫోన్‌ల బెదిరించి గుంజిన పైసలు రెండు మూడు ఖాతాలు తిరిగి అక్క ఖాతాల పడ్డయి. ఆ ముసలాయన సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చేసిండు, ఆ పైసలు ఏడ యాడ తిరిగినయో అన్ని ఖాతాలకీ లీన్ పడ్డది.

దొంగసొమ్ము అందులో నలభై వేలే, కానీ మా అక్క ఖాతా మొత్తం ఆపిన్రు. పిల్లల స్కూల్ ఫీజు పైసలు కూడా అందులనే ఉండె. బ్యాంకు నుంచి కంప్లయింట్ నంబర్ తీసుకుని, ఆ స్టేషన్‌కి మెయిల్ మీద మెయిల్ కొట్టి, బావ ఆడి నుంచి పంపిన రికార్డులు, చాట్ స్క్రీన్‌షాట్లు అన్నీ పెట్టినం. ఖాతా అయితే విడిచిపెట్టిన్రు గానీ ఆ నలభై వేల మీద లీన్ ఇంకా ఉంది.

ఇందుల మా అక్క తప్పేందో మాకైతే సమజ్ కాలే.

---

ఆడిట్_అక్క

ఓరుగల్లు తమ్ముడు చెప్పింది నా క్లయింట్లలోనూ చూశాను. అనుమానాస్పద లావాదేవీలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఐయూ దగ్గర నమోదైన ఎక్స్ఛేంజ్‌లో ఆర్డర్ పెట్టి అమ్మితే డబ్బు ఎక్స్ఛేంజ్ ఖాతా నుంచి వస్తుంది. పీటూపీలో ముక్కూమొహం తెలియనివాడి ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాలోకి వస్తుంది. బుజ్జి చెప్పే ఆ రూపాయిన్నర ఎక్కువ ఊరికే ఎవడూ ఇవ్వడు. రేటు మరీ బాగుందంటే ఆ డబ్బు త్వరగా వదిలించుకోవాల్సిన అవసరం వాడికి ఉందేమో అని అనుమానించాలి.

టీడీఎస్ లేదన్నది కూడా తప్పే బుజ్జీ. పీటూపీకీ చట్టం అదే, ఏడాదిలో పరిమితి దాటితే కోసి కట్టాల్సిన బాధ్యత కొన్నవాడిది. వాడు కోయలేదంటే ఎగ్గొట్టాడని అర్థం.

---

బ్లాక్‌చెయిన్_బుజ్జి

సరే అక్కా, టీడీఎస్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ పీటూపీ అంతా దొంగసొమ్మే అన్నట్టు మాట్లాడితే ఎలా? నేను ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లతోనే చేస్తాను, నాకు ఇంతవరకు ఏ సమస్యా రాలేదు.

---

కృష్ణవేణి_టీచర్

మా అమ్మాయి షికాగోలో ఎం.ఎస్. చదువుతోంది బాబూ. నేను ఇక్కడి నుంచి ఫీజు పంపితే పది లక్షలు దాటాక బ్యాంకు వాళ్లు టీసీఎస్ అంటున్నారు. ఈ స్టేబుల్‌కాయిన్‌లో పంపితే అది తప్పుతుందా? శీను గారి పద్ధతి నాకు కాస్త వివరంగా చెప్పగలరా?

---

ఆడిట్_అక్క

టీచర్ గారూ, మీది వేరే దారి అండి. శీను అమెరికా నుంచి ఇటు పంపుతున్నాడు, మీరు ఇటు నుంచి అటు. టీసీఎస్ మీదైన డబ్బే, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. దాన్ని తప్పించుకోవడానికి ఇక్కడ యూఎస్‌డీటీ కొని బయటికి పంపితే విదేశీ మారక చట్టం ఫెమా కింద చిక్కుల్లో పడతారు. బ్యాంకు ద్వారానే పంపండి. చదువు కోసమని కాగితాలు చూపిస్తే రేటు తక్కువ ఉంటుంది, లోన్ తీసుకుని కడితే అసలు ఉండకపోవచ్చు. బ్యాంకులో ఆ మాట అడగండి.

---

ఫ్రిస్కో_మామ

ఒక్క విషయం ఎవరూ అనలేదు. 2026 జనవరి నుంచి అమెరికాలో బయటికి పంపే డబ్బు మీద ఒక శాతం పన్ను పెట్టారు కదా. మూడు వేలకి 30 డాలర్లు. స్టేబుల్‌కాయిన్‌లో అయితే అది లేదు. ఆ లెక్క కూడా కలపండి, అప్పుడు శీనుదే గెలుపు.

---

డాలస్_శీను

@ఫ్రిస్కో_మామ లేదు బాబాయ్, నేనూ మొదట అలాగే అనుకున్నా. ఆ ఒక శాతం నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపేవాళ్లకే. బ్యాంకు ఖాతా నుంచి గానీ, అమెరికాలో ఇచ్చిన డెబిట్ కార్డు మీద గానీ పంపితే లేదు. నా యాప్ ఏసీహెచ్‌లోనే లాగుతుంది, కాబట్టి నాకు వర్తించదు.

---

ఫ్రిస్కో_మామ

ఓ, అలాగా. మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో అందరికీ అని తిప్పుతున్నారు, అందుకన్నాను. సర్లే, ఇంకో ప్రశ్న. ఇలా వచ్చిన డబ్బుతో ఊళ్లో స్థలం కొనొచ్చా? మా తమ్ముడి కొడుకు అదే ఆలోచనలో ఉన్నాడు.

---

ఆడిట్_అక్క

ఎవరి పేరు మీద అన్నదాన్ని బట్టి ఉంటుంది బాబాయ్. నాన్నగారు తన పేరున కొనుక్కుంటే అది ఆయన డబ్బు, ఎక్కడిదని అడిగితే కానుక కాగితం చూపిస్తారు. ఎన్నారై తన పేరున కొనాలంటే సొమ్ము బ్యాంకు ద్వారా విదేశం నుంచి రావాలి, లేదా ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ లాంటి ఖాతాల్లోంచి పోవాలి. ఎక్స్ఛేంజ్‌లో అమ్మగా వచ్చిన రూపాయి ఎంత తెల్లగా ఉన్నా లోకల్ రూపాయే. దాన్ని ఎన్ఆర్ఈలో వేయనివ్వరు, బయటి నుంచి వచ్చిందని బ్యాంకు సర్టిఫికెట్ ఇవ్వదు. రేపు ఆ స్థలం అమ్మి డబ్బు అమెరికాకి తీసుకెళ్దామంటే మొదట అడిగేది ఆ కాగితమే. ఇల్లు నడవడానికి పంపే డబ్బుకి దీనితో పనిలేదు గానీ, ఆస్తి కొనే డబ్బుకి మాత్రం ఈ దారి వద్దనే చెబుతాను.

---

గోడమీద_పిల్లి

మొత్తానికి నెట్‌వర్క్ ఫీజు ఎంత, ఎంత అని కొట్టుకున్నది 8 డాలర్ల కోసం. బాగుంది.

---

డాలస్_శీను

అక్క చెప్పిన లెక్కతోనే స్ప్రెడ్‌షీట్ వేశాను. మిగతావన్నీ అలాగే ఉంచి అమ్మిన రేటు ఒక్కటే మార్చుకుంటూ పోయా. యాప్‌తో సమానంగా రావాలంటే యూఎస్‌డీటీ కనీసం 88 రూపాయల 45 పైసల దగ్గర అమ్ముడుపోవాలి. అంటే గూగుల్ రేటు మీద దాదాపు అర్ధ రూపాయి ప్రీమియం లేకపోతే నష్టమే, అదీ టీడీఎస్ మొత్తం రీఫండ్ వచ్చింది అనుకుంటే. సీఏ ఫీజు కూడా కలిపితే ఏడాదిలో ఎన్నిసార్లు పంపుతానన్నదాన్ని బట్టి ఆ గీత ఇంకా పైకి పోతుంది. నెట్‌వర్క్ ఫీజుని పూర్తిగా సున్నా చేసి చూసినా ఆ గీత కదిలింది 35 పైసల లోపే. బుజ్జీ, ఇది నీకోసమే వేశాను.

---

ఆడిట్_అక్క

ఆ షీట్‌లో ఇంకో గడి పెట్టు. ఒక నెల ప్రీమియం మూడు రూపాయలుంటే లాభం మీద పన్ను కడతావు. ఇంకో నెల కొన్న ధర కంటే తక్కువకి అమ్మాల్సి వస్తే ఆ నష్టాన్ని మొదటి నెల లాభంలోంచి తీసేయనివ్వరు. ఏడాది చివర సగటు బాగుందని మురిసిపోవడానికి లేదు, ప్రతి అమ్మకం విడివిడిగా లెక్కే.

---

రాత్రి_డ్యూటీ

అమెరికా వైపు కూడా ఒకటుంది. పన్ను ఫారం మొదటి పేజీలో డిజిటల్ ఆస్తుల ప్రశ్న ఉంటుంది కదా. డాలర్లిచ్చి కొని ఊరుకుంటే "లేదు" అనొచ్చు. మీరు యూఎస్‌డీసీని యూఎస్‌డీటీగా మార్చారు, తర్వాత కానుకగా ఇచ్చారు, రెండిట్లో ఏదైనా "అవును" అనే పెట్టాలి. పన్ను పెద్దగా పడదు, కానీ గడి మాత్రం సరిగ్గా టిక్ చేయండి.

---

డాలస్_శీను

థాంక్స్, అది గుర్తుపెట్టుకుంటాను. అక్కా, చివరిగా ఒకటి. వీడీఏ షెడ్యూల్‌లో కొన్న తేదీ అడుగుతుంది కదా, నేను ఇక్కడ కొన్న తేదీ వేయాలా, నాన్న ఖాతాకి చేరిన తేదీనా? ధరకి రూపాయి రేటు గూగుల్‌ది సరిపోతుందా?

---

ఆడిట్_అక్క

గూగుల్ రేటు వద్దు, ఎస్‌బీఐ డాలర్ కొనే టీటీ బయింగ్ రేటు వాడు, అడిగితే చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది. అది గూగుల్ కంటే కొద్దిగా తక్కువుంటుంది కాబట్టి పన్ను కాస్త పెరుగుతుంది, ఫరవాలేదు. తేదీ విషయంలో నేనైతే నువ్వు కొన్న తేదీనే వేస్తాను. కానుకగా వచ్చిన ఆస్తికి ముందు యజమాని కొన్న ధర తీసుకుంటాం కాబట్టి తేదీ కూడా అదే అని నా వాదన.

---

గుంటూరు_ఆడిటర్

మేడమ్ గారితో నేను ఏకీభవించలేను. ముందు యజమాని ధర అన్నది మామూలు క్యాపిటల్ గెయిన్స్‌కి చెప్పిన మాట. క్రిప్టోకి విడిగా సెక్షన్ పెట్టి, అందులో కానుకగా వచ్చినదానికి ధర ఏదో చెప్పకుండా వదిలేశారు. నా క్లయింట్లకి చేరిన తేదీ వేసి, ధర దగ్గర వివరణ రాసి, కానుక కాగితం రికార్డులో ఉంచుతున్నాను. ఇంతవరకు స్క్రూటినీకి రాలేదు, వస్తే ఏమంటారో చూడాలి.

---

ఆడిట్_అక్క

మీరన్న ఖాళీ ఉన్నమాట నిజమే సర్. కానీ చేరిన తేదీ వేసి, ధర మాత్రం కొడుకు కొన్నది వేస్తే రెండూ పొంతన కుదరవు కదా? ఆ వివరణ మీరు ఎలా రాస్తున్నారో ఒక నమూనా ఇక్కడ పెట్టగలరా, పేర్లు తీసేసి?